బోరింగు కొట్టే బొమ్మ

మొన్న ఆదివారం మా మేనల్లుడు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. మండలంలో తాగునీటి పనులు చూసే ఇంజనీరు వాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లకి బోరింగులు బాగుచేయడం మీద ఒక రోజంతా పాఠం చెప్పాలట. ‘‘స్లైడ్లు తయారుచేశాను మావయ్యా, ఓసారి చూసిపెట్టు’’ అంటూ మా టీవీకి తీగ తగిలించాడు. నేనూ మా ఆవిడా కాఫీ గ్లాసులు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాం.

మొదటి స్లైడులో ‘చేతిపంపు’ అన్న మాట పైనుంచి ఊడిపడి, బంతిలా రెండు మూడు సార్లు ఎగిరి నిలబడింది. రెండో దాంట్లో పంపు చరిత్ర ఒక్కో వాక్యంగా ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది. మూడో దాంట్లో పంపు ఫోటో ఒక చుట్టు చుట్టి ఆగింది. నాలుగోది వాడు రెండు రాత్రులు కూర్చుని చేసుకున్నది. పంపుని నిలువునా కోసినట్టు బొమ్మ. హ్యాండిలు లేస్తుంది, పడుతుంది. లోపల రాడ్డు ఆడుతుంది. నీలం రంగు నీళ్లు కింద దూరి పైన కారతాయి. నాలుగు సెకన్లలో ఒక విడత పూర్తయి, మళ్లీ మొదలవుతుంది. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. తిరుగుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాం.

మా ఆవిడ గ్లాసు కింద పెట్టి ఒక మాట అడిగింది. ‘‘ఒరేయ్, మా పుట్టింటి వీధిలో బోరింగు ఒకటుండేది. పొద్దున్నే ఓ ఇరవై సార్లు ఊరికే కొడితే గానీ చుక్క పడేది కాదు. పడ్డాక మాత్రం ధారగా వచ్చేది. వీధివాళ్లంతా చందాలు వేసుకుని వాషర్లు మార్పిస్తే కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. ఎందుకంటావ్?’’

వాడు టీవీ వైపు చూశాడు. నేనూ చూశాను. బొమ్మ తన మానాన తాను బోరింగు కొట్టుకుంటూనే ఉంది. అందులో జవాబు లేదు. కాసేపాగి వాడు కాగితం మీద గీసి సరిగానే చెప్పాడనుకోండి, చదువుకున్నవాడు కదా. నాకు పట్టుకున్న సందేహం వేరు. పది నిమిషాల పాటు పంపు లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూసినవాణ్ణి నేను. అయినా అటువైపు ఒక్క అడుగు వేయలేకపోయానేం?

బోరింగు లోపల నిజానికి ఉన్నవి రెండు తలుపులు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఇండియా మార్క్ టూ రకంలో, భూమిలోకి దిగిన పైపు చివర, నీళ్లలో మునిగి ఒక సిలిండరు ఉంటుంది. దాని అడుగున కదలకుండా బిగించి ఉండేది ఫుట్ వాల్వు. దానికి పైన, సిలిండరులో కిందికీ మీదికీ ఆడేది పిస్టను. ఆ పిస్టను నడుమ ఇంకో వాల్వు. రెండు తలుపులూ పైకే తెరుచుకుంటాయి. నీటిని మీదికి పోనిస్తాయి, కిందికి రానివ్వవు. పిస్టనుకీ సిలిండరు గోడకీ మధ్య సందు లేకుండా చూసేవి బకెట్ వాషర్లు. పిస్టను నుంచి రాడ్లు పైదాకా వచ్చి, ఒక చైనుతో హ్యాండిలుకి తగులుకుంటాయి.

మనం హ్యాండిలు కిందికి నొక్కితే రాడ్లు పైకి లేస్తాయి. పైనున్న నీటి బరువుకి పిస్టను తలుపు మూసుకునే ఉంటుంది కాబట్టి, పైపులో నీరంతా ఆ మేరకి పైకి జరుగుతుంది, మూతి దగ్గర ధార పడుతుంది. అదే క్షణాన పిస్టను కింద చోటు ఖాళీ అవుతుంది, అడుగు తలుపు తెరుచుకుని కొత్త నీరు లోపలికొస్తుంది. హ్యాండిలు వదిలితే రాడ్లు తమ బరువుకే దిగుతాయి. అప్పుడు అడుగు తలుపు మూత, నడిమి తలుపు బార్లా. సిలిండరులోకి వచ్చిన నీరు పిస్టనుని దాటుకుని దాని నెత్తిమీదికి చేరుతుంది. ఈ రెండో సగంలో నీరు పైకి ఎక్కదు. పైపులో ఉన్న నీటి బరువంతా అడుగు తలుపు మోస్తుంది.

ఇంతే సంగతి. ఇప్పుడు మా వాడి బొమ్మని మళ్లీ చూడండి. హ్యాండిలు దిశ మారిన ఆ లిప్తలో రెండు చోట్ల రెండు పనులు జరుగుతున్నాయి. ఒక తలుపు మూసుకుంటోంది, దానికి జానెడు కింద ఇంకో తలుపు తెరుచుకుంటోంది. అసలు కిటుకంతా ఈ జంట పనిలోనే ఉంది. కన్నేమో ఒకసారి ఒక చోటే చూడగలదు. నా కన్ను ఎక్కడుందంటే హ్యాండిలు మీదుంది, ఎందుకంటే తెర మీద అన్నిటికన్నా పెద్దగా కదులుతున్నది అదే. రెండో చూపు మూతి దగ్గర పడుతున్న నీళ్ల మీదుంది. తలుపుల దగ్గరికి చూపు చేరేసరికి ఆ క్షణం దాటిపోయింది. మళ్లీ వస్తుంది, మళ్లీ దాటిపోతుంది. నూరుసార్లు చూపించినా, చూడాల్సిన చోట ఒక్కసారీ చూడనిదే లాభం ఏముంది?

బొమ్మలతో బోధన మీద పరిశోధన చేసినవాళ్లలో బార్బరా ట్వర్‌స్కీ పేరు చెప్పుకోవాలి. 2002లో ఆమె, మరో ఇద్దరు కలిసి, కదిలే బొమ్మలకీ కదలని బొమ్మలకీ పోటీ పెట్టిన అధ్యయనాలు ముందేసుకుని చూశారు. కదిలే బొమ్మ గెలిచిందన్న చోట్ల చాలావాటిలో ఆ గెలుపు కదలికది కాదని తేలింది. కదిలే బొమ్మలో నడిమి దశలన్నీ ఉన్నాయి, పోటీకి పెట్టిన కదలని బొమ్మలో అవి లేనే లేవు. తిన్నవాడికీ పస్తున్నవాడికీ కుస్తీ పెట్టినట్టన్నమాట. వాళ్లు చివరికి రెండు షరతులు పెట్టారు. బొమ్మ తీరు విషయం తీరుకి సరిపోవాలి, అంటే కదిలే సంగతికే కదలిక. రెండోది, ఆ కదలిక చూసేవాడి కంటికి తప్పు లేకుండా అందాలి. మొదటి షరతు అందరికీ తడుతుంది. పంపు కదిలేదే కాబట్టి కదిలే బొమ్మ చేద్దామని మా వాడికీ తట్టింది. రెండో షరతు దగ్గరే చిక్కంతా.

రెండో షరతు ఎంత చిక్కో గుర్రం పరుగు చూస్తే తెలుస్తుంది. పరిగెత్తే గుర్రాన్ని మనుషులు వేల ఏళ్లుగా చూస్తున్నారు. అంతకన్నా అసలు సిసలు కదిలే బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? అయినా నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదులుతాయా లేదా అన్నది తేలలేదు. యూరప్ చిత్రకారులు ముందుకాళ్లు ముందుకీ వెనుకకాళ్లు వెనక్కీ చాచి, గాల్లో తేలుతున్నట్టు గీసేవారు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగు బాట పక్కన వరసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాడు. నాలుగు కాళ్లూ నేల వదిలే మాట నిజమేనని, కాకపోతే అప్పుడవి చాచి ఉండవని, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని బయటపడింది. కదలికని అర్థం చేసుకోవడానికి కదలికని ఆపాల్సి వచ్చింది. సినిమా పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఈ ఫోటోలని తలుచుకుంటాం గానీ, అవి చేసిన మేలు మాత్రం నిలబడి ఉండటం వల్ల చేసిందే.

మా వాడి బొమ్మలో ఇంకో లోటుంది. అది నాకు రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ బొమ్మలో పంపుకి రోగం లేదు. రెండు తలుపులూ కచ్చితంగా మూసుకుంటాయి, వాషర్లు కొత్తవి, పైపు జాయింట్లు బిగువు. మెకానిక్కు దగ్గరికి వచ్చే పంపు అలాంటిది కాదు కదా. ఆరోగ్యంగా ఉన్న పంపు ఎలా ఆడుతుందో నూరుసార్లు చూపిస్తే, ఒక తలుపు సరిగా మూసుకోకపోతే ఏమవుతుందన్న ఆలోచన దానంతటది పుట్టదు. పైగా తెర మీది బొమ్మ మన తరఫున తానే కదిలిపెడుతోంది కాబట్టి, మనసు చేయాల్సిన పని మిగలదు.

ఈ చివరి మాట నా సొంతం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, సాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పని మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఆయన వాడుకున్న పరికరాల్లో ఒకటి పంపే కావడం నాకు సరదాగా అనిపించింది, సైకిలు టైరుకి గాలి కొట్టే పంపు. విద్యార్థులకి అది చూపించి, ఆ తర్వాత ‘పంపు ఎలా పనిచేస్తుంది’ అని అడిగి ఊరుకోలేదు. ఎన్నిసార్లు కొట్టినా గాలి రావడం లేదు, ఏం చెడి ఉంటుందో చెప్పమన్నాడు. అంటే మా ఆవిడ అడిగినటువంటి ప్రశ్నే. 1991 నాటి ఆ ప్రయోగంలో, మాట ముందు చెప్పి బొమ్మ తర్వాత చూపిస్తే ఇలాంటి ప్రశ్నలకి జవాబులు తగ్గాయి. బొమ్మలో వాల్వు తెరుచుకునే క్షణానే మాటా వినిపిస్తే పెరిగాయి. 2005లో ఆయన బృందం ఇంకో అడుగు వేసింది. పిడుగు ఎలా పుడుతుంది, మరుగుదొడ్డి ఫ్లష్ తొట్టి ఎలా ఖాళీ అవుతుంది, సముద్రంలో అల ఎలా సాగుతుంది, కారు బ్రేకు ఎలా పడుతుంది అన్న నాలుగు పాఠాలు తీసుకుని, ఒక జట్టుకి కంప్యూటరులో మాటలతో కూడిన కదిలే బొమ్మలు, ఇంకో జట్టుకి కాగితం మీద కదలని బొమ్మలు, పక్కన రాత ఇచ్చారు. కాగితం జట్టు ఏ పాఠంలోనూ వెనకబడలేదు, కొన్నిటిలో ముందుంది. కాగితం మీద ఈ దశకీ ఆ దశకీ మధ్య ఏం జరిగిందో చూసేవాడే మనసులో కదిలించుకోవాలి. ఆ శ్రమలోనే అర్థం కావడం ఉందని వాళ్ల అంచనా.

అలాగని కదిలే బొమ్మలన్నిటినీ కట్టగట్టి అటక మీద పడేయమని కాదు. 2007లో హోఫ్లర్, లాయ్ట్‌నర్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు 26 అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే, మొత్తం మీద మొగ్గు కదిలే బొమ్మ వైపే ఉంది. కాకపోతే ఆ మొగ్గు అన్నిచోట్లా ఒకేలా లేదు. నేర్చుకునేది చేతిపని అయినప్పుడు, వేళ్లు ఏ వరసలో ఎలా కదలాలన్నది విషయమైనప్పుడు, కదిలే బొమ్మ బలంగా గెలిచింది. ఇది మనకి కొత్తగా అనిపించదు. చీర కుచ్చిళ్లు పెట్టడం, మల్లెలు మాల కట్టడం పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నవాళ్లెవరైనా మీకు తెలుసా? చేతిని చూసి చెయ్యి నేర్చుకుంటుంది.

కాబట్టి మా వాడికి చెప్పిందేమంటే, పిస్టనుకి బకెట్ వాషరు ఎక్కించడం, దాని అంచు మడత పడకుండా సిలిండరులోకి దించడం లాంటివి నిజం చేతులతో, నిజం పంపు మీద వీడియో తీసి చూపించు. అందులో నీ గీతల బొమ్మలేవీ వద్దు. ఆ తరగతికి ఒక పాత సిలిండరు మోసుకుపోగలిగితే వీడియో కూడా వద్దు. పంపు లోపల నీరు ఎలా నడుస్తుందన్న పాఠానికి మాత్రం ఆ తిరిగే బొమ్మని పక్కన పెట్టు.

ఇద్దరం కలిసి మర్నాడు సాయంత్రం కొత్తగా చేశాం. చేస్తుంటే తెలిసిన సంగతులు కొన్ని చెబుతాను.

ముందుగా పంపు కోత బొమ్మ ఒకటి, ఏమీ కదలకుండా. దాని మీద నాలుగే పేర్లు, హ్యాండిలు, పిస్టను వాల్వు, ఫుట్ వాల్వు, మూతి. తర్వాతి స్లైడులో అదే బొమ్మ రెండుసార్లు పక్కపక్కన. ఎడమ పక్కన హ్యాండిలు కిందికి నొక్కినప్పుడు, కుడి పక్కన వదిలినప్పుడు. రెండిటి కొలతలూ ఎత్తూ ఒకటే, అసలు తేడా ఉన్నది తలుపుల్లోనే. కన్ను అటూ ఇటూ తిరిగి తేడాని తానే పట్టుకుంటుంది, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. తిరిగే బొమ్మలో దొరకనిది ఈ తీరికే.

ఆ తర్వాత ఒక్కో క్లిక్కుకి ఒక్కో సంగతి. మాటకి ముందు కాదు, వెనక కాదు. ‘నడిమి తలుపు మూసుకుంది’ అన్నప్పుడు ఆ తలుపు ఎరుపెక్కుతుంది. ‘పైనున్న నీరు లేచింది’ అన్నప్పుడు పైకి చూసే బాణం ఒకటి వస్తుంది. ‘అడుగు తలుపు తెరుచుకుంది’ అన్నప్పుడు అది పచ్చబడుతుంది. వచ్చినదేదీ పోదు. స్లైడు నిండేసరికి మూడు సంగతులూ ఒకేచోట నిలిచి ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద మాకు కాసేపు వాదన జరిగింది. బాణానికి మా వాడు Fly In పెట్టాడు, అలవాటు కొద్దీ. బాణం తెర ఎడమ అంచు నుంచి ఎగిరొచ్చి పైపులో కూర్చుంది. నీరు ఎడమ నుంచి వస్తుందా? రాదు. అదే బాణానికి Wipe పెట్టి, From Bottom అని చెబితే కింద నుంచి పైకి పాకుతూ కనిపిస్తుంది. నీరు వెళ్లే దారే బాణం వెళుతుంది. ఆ కదలికకి అర్థం ఉంది. తలుపు రంగు మారడానికి కదలిక అక్కర్లేదు, ఉన్నచోటే మారితే చాలు. ఒక మాట కనిపించాలంటే Appear చాలు. కదిలించే ముందు ఈ కదలిక విషయంలో ఏ కదలికకి గుర్తు అని అడుగుతూ పోతే, మా వాడి ముప్పై చిల్లర ఎఫెక్టుల్లో మిగిలినవి ఐదో ఆరో.

కదలికకి ఇంత లెక్క ఎందుకంటే, కంటికి దాన్ని పట్టించుకోకుండా ఉండే స్వేచ్ఛ లేదు. ఉన్నట్టుండి ఏదైనా కనిపించినా, కదిలినా చూపు అటు పోతుంది, ఆపై మనసు ‘ఏమిటది’ అని అడుగుతుంది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే. పిలిచిన ప్రతిసారీ తిరిగి చూస్తాం. ఊరికే పిలిచి ఏమీ లేదంటే రెండోసారికి విసుగు, మూడోసారికి ‘నాన్నా పులి’ కథ. చరిత్ర స్లైడులో ఎగిరొచ్చే వాక్యాలు చేసిన పని అదే. నాలుగో స్లైడు దగ్గర నిజంగా పిలవాల్సి వచ్చేసరికి మేం అలసిపోయి ఉన్నాం.

వాక్యాలని ఒక్కొక్కటిగా విడుదల చేయడం మీద నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. ఐదు వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడనివైతే, దాచి దాచి చూపించడం వడ్డించిన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడమే. వినేవాడికి ఇంకా ఎన్ని ఉన్నాయో తెలీదు, తనకి కావాల్సింది ఏదో ఎంచుకోలేడు. చెప్పేవాడు క్లిక్కుకి బందీ. ఎవరైనా ప్రశ్న వేసి వెనక స్లైడుకి వెళ్లమంటే, ఆ ఎగురుళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి. అదే ముందుది తెలియకుండా వెనకది అర్థం కాని సంగతైతే విడతలుగా చూపించడం న్యాయం. మెలికల ముగ్గు దీనికి మంచి సాక్ష్యం. వారపత్రికల్లో సంక్రాంతి ముందు ముగ్గులు వేసేవారు, పక్కన ‘15 చుక్కలు, మధ్య చుక్క 8 వరకు’ అని. పూర్తయిన ముగ్గు కళ్లెదుటే ఉంటుంది, చుక్కల లెక్క ఉంటుంది, గీత ఎక్కడ మొదలైందో మాత్రం ఉండదు. మెలిక తిరిగి మొదటికి కలిసిపోయాక ఆ రహస్యం అందులోనే మునిగిపోతుంది. నిండు ముగ్గు ఫలితాన్ని చెబుతుంది, వరస చెప్పదు. అక్కడ ఒక్కో గీతా విడిగా వచ్చి తీరాలి. గణితం పంతులు బోర్డు మీద పటం గీస్తూ చెప్పిన పాఠం అర్థమై, అదే పటం పుస్తకంలో చూస్తే గజిబిజిగా అనిపించేది కూడా ఇందుకే.

పనిలో పనిగా ఒక జాగ్రత్త. ఒకే స్లైడులో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకటి పోగానే ఇంకోటి వచ్చేలా చేసినవి, కాగితం మీద అచ్చేస్తే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గుట్టగా వస్తాయి. మా వాడు కుర్రాళ్లకి పంచాలని ముద్రించుకున్న ప్రతిలో హ్యాండిలు ఒకేసారి పైనా కిందా ఉంది. అందుకని స్లైడుని Duplicate Slide అని నకలు తీసి, ఒక్కో నకలులో ఒక్కో సంగతి చేర్చుకుంటూ పోయాం. తెర మీద చూసేవాడికి తేడా తెలీదు. అచ్చులో ఏ దశకి ఆ దశ విడిగా ఉంటుంది, వెనక్కి వెళ్లడం తేలిక. ఆన్‌లైన్ పాఠాల్లో నెట్టు నెమ్మదించి కదలికలు ముక్కలైపోయినా ఈ పద్ధతికి నష్టం లేదు.

అన్నిటి తర్వాత కదిలేది ఒకటి పెట్టాం. అది పంపు కాదు, ఒక్క నీటి చుక్క. బొమ్మంతా నిలిచి ఉంటుంది, పసుపు రంగు చుక్క ఒకటే నడుస్తుంది. అడుగు తలుపు దాటి ఆగుతుంది. పిస్టనుని దాటి మళ్లీ ఆగుతుంది. ఆ తర్వాత పైపులో అడుగున్నర లేచి ఆగుతుంది, మళ్లీ అడుగున్నర, మళ్లీ ఆగుతుంది. ఈ అడుగున్నర లెక్క వేసుకున్నదే. సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, పిస్టను ఆట నిండుగా 125 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్క కొట్టుకి దాదాపు 400 మిల్లీలీటర్ల నీరు. పైపు సన్నం కనుక అంత నీరూ అందులో సుమారు అడుగున్నర ఎత్తు ఆక్రమిస్తుంది. నీరు మెట్లెక్కినట్టు ఎక్కుతుందని, ఎక్కని ప్రతిసారీ బరువు అడుగు తలుపు మీద ఉందని చెప్పడానికి కదలికకి సాటి వచ్చేది నాకు తోచలేదు. లయ అన్నది నిలబడిన బొమ్మలో చూపించలేం. పంపు మొత్తం ఆడే వాడి పాత బొమ్మని కూడా పారేయలేదు, నెమ్మదిగా తిరిగేలా సాగదీసి చివర్న ఒక్కసారి పెట్టాం. చాండ్లర్ అనే మరో పరిశోధకుడితో కలిసి మేయర్ 2001లో పిడుగు పాఠం మీద చూసింది ఇదే వరస. ముందు ముక్కలుగా, చూసేవాడు తానే బటన్ నొక్కి ముందుకెళ్లేలా చూపించి, తర్వాత ఏకధాటిగా చూపిస్తే, కొత్త ప్రశ్నలకి జవాబులు బాగా వచ్చాయి. వరస తిరగేస్తే అంత రాలేదు. ఎక్కడ చూడాలో తెలిశాక కదిలే బొమ్మ పనికొస్తుంది.

ఆఖరి స్లైడు మా ఆవిడది. అందులో ఏదీ కదలదు. రెండు బొమ్మలు, ఒకటి రాత్రి పది గంటలకి, ఒకటి తెల్లవారుజామున ఐదింటికి. రెండిట్లోనూ హ్యాండిలు ముట్టుకున్నవాళ్లు లేరు. మొదటి దాంట్లో పైపు మూతి దాకా నీరుంది. రెండో దాంట్లో ముప్పై అడుగులు దిగిపోయి ఉంది. ఇరవై ఉత్తి కొట్లు, కొట్టుకి అడుగున్నర. మధ్యలో ఏం జరిగిందో రాయలేదు, బాణం పెట్టలేదు.

మా వాడు స్లైడు పెట్టి వాళ్లత్త వైపు తిరిగాడు. ఆమె చాలాసేపు చూసింది. ముందు నడిమి తలుపు మీద వేలు పెట్టి తీసేసింది. ‘‘వాషర్ల పక్కనుంచి కొంచెం కొంచెం కారుతుంది, అరిగాయిగా. కారినా కింద ఈ తలుపు గట్టిగా ఉంటే ఎక్కడికీ పోదు. ఇది కూడా వదులైతేనే రాత్రంతా బావిలోకి దిగిపోతుంది. కొట్టేటప్పుడు తెలీదు, కారేదాని కన్నా మనం తోడేది జోరు కదా.’’

‘‘పైపు జాయింటు కారినా ఇలాగే ఉంటుంది అత్తయ్యా, అది పైపులు పైకి తీసినప్పుడు చూడాలి’’ అన్నాడు వాడు.

‘‘అది సరే. కొత్త వాషర్లు వేశాక కొన్నాళ్లు ఎందుకు బాగుండేదో ఇప్పుడు తెలిసింది. పై తలుపే కింద తలుపు పని కూడా చేసేదన్నమాట, అరిగేదాకా.’’ గ్లాసులు తీసుకుని వంటింటి వైపు వెళ్తూ మళ్లీ ఆగింది. ‘‘మూడుసార్లు చందాలు వేసుకున్నాం రా. పైపులన్నీ బయటికి లాగి, కింద దాన్ని ముట్టుకోకుండా మళ్లీ దించేసి పోయారు.’’